ఏడాదంతా మాట నిలబెట్టుకున్న సప్లయర్‌కి పండగ శుభాకాంక్షలు: ఈ ఉత్తరం ఎలా ఉందో చూడండి

సబ్బుల_యూనిట్
అందరికీ నమస్కారం. మాది చిన్న సబ్బుల తయారీ యూనిట్. సబ్బులు సర్దే అట్టపెట్టెలన్నీ ఒకే ఆయన దగ్గర కొంటాం. ఈ ఏడాది ఆయన వల్ల మాకు టెన్షన్ తగ్గింది, నిజంగానే చెబుతున్నాను. పండగ దగ్గరకొచ్చింది కాబట్టి లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసి పంపుదామనుకున్నాను. మర్యాదగా ఉండాలి, అలాగని ఆఫీసు సర్క్యులర్‌లా ఉండకూడదు. రాసింది ఇది:

> గౌరవనీయులైన సరఫరాదారు గారికి,
> మీకు మరియు మీ కుటుంబ సభ్యులకు పండుగ శుభాకాంక్షలు. గత సంవత్సర కాలంగా మీరు అందించిన అమూల్యమైన సేవలకు మా హృదయపూర్వక ధన్యవాదములు. ఒక్క లోపం కూడా లేకుండా ప్రతిసారీ సమయానికి సరుకు అందించారు. రాబోయే సంవత్సరంలో కూడా మీ సహకారం ఇలాగే కొనసాగాలని, మరిన్ని ఆర్డర్లతో మన బంధం బలపడాలని ఆకాంక్షిస్తున్నాము.
> ఇట్లు,
> తమ విధేయురాలు

చదువుకుంటే తప్పేం కనబడలేదు. కానీ ఇందులో ఆయన ఎక్కడా లేడనిపిస్తోంది. ఏం చేయాలి?

షార్ట్‌కట్
దీనికింత ఆలోచనా? మంచి బొమ్మ ఒకటి దొరకబుచ్చుకుని, కింద కంపెనీ పేరు వేసి, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో అందరికీ ఒకేసారి కొట్టేయండి. నేను ఏటా అదే చేస్తాను. రెండు నిమిషాల పని.

పాత_పర్చేజ్
షార్ట్‌కట్ గారూ, బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. మీరు పంపాననుకుంటున్న వాళ్ళలో ఎంతమందికి అందిందో ఒకసారి చూసుకోండి. అందినా పండగ రోజు పొద్దున్న వచ్చే యాభై బొమ్మల్లో అదొకటి అవుతుంది. శుభాకాంక్షల వరకు అది చాలు. కృతజ్ఞత చెప్పాలంటే చాలదు.

ఇక సబ్బుల యూనిట్ అమ్మా, మీ అనుమానం నిజమే. ఈ ఉత్తరంలో పైన 'సరఫరాదారు' అన్న చోట 'కరెంటు కాంట్రాక్టరు' అని పెట్టినా అతికినట్టు సరిపోతుంది. కొనుగోళ్ళ విభాగంలో చాలాకాలం పనిచేశాను. ఇలాంటివి ఎన్ని పంపానో, ఎన్ని అందుకున్నానో లెక్కలేదు. ఒక్కటీ గుర్తులేదు.

ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పండి. 'టెన్షన్ తగ్గింది' అన్నారు కదా, అది ఏ రోజు తగ్గింది? రోజు గుర్తుందా?

అచ్చతెలుగు
నా సూచనలు కొన్ని. 'మరియు' తీసేయండి, 'మీకూ మీ ఇంటిల్లిపాదికీ' అంటే మన మాటలా ఉంటుంది. 'పండగ' అని కాక 'పండుగ' అని రాశారు, దాన్ని అలాగే ఉంచండి, ఉత్తరంలో అది బాగుంటుంది. 'మీరు' అన్న చోటల్లా 'తమరు' పెట్టండి, గౌరవం పెరుగుతుంది. 'ఆర్డర్లు' వద్దు, 'కొనుగోలు ఆదేశాలు' అనండి. 'సప్లయర్' అనే మాట ఉత్తరంలో ఎక్కడా రానివ్వకండి.

పాత_పర్చేజ్
మొదటి రెండూ ఒప్పుకుంటాను. 'తమరు' మాత్రం వద్దు. రోజూ ఫోన్లో 'మీరు' అని మాట్లాడుకునే మనిషికి ఉత్తరంలో 'తమరు' అని రాస్తే, ఏదో వెటకారం చేస్తున్నారేమో అనుకుంటాడు, లేకపోతే ఏదో అడగబోతున్నారని అనుకుంటాడు. 'తమ విధేయురాలు' కూడా అంతే. అది సెలవు చీటీకీ, అర్జీకీ పెట్టే సంతకం. సరుకు కొనే మీరు అమ్మే ఆయనకి విధేయురాలు ఎందుకవుతారు? 'నమస్కారాలతో' అని పేరు రాస్తే చాలు.

'కొనుగోలు ఆదేశం' అంటే ఆయనకి అర్థం కావడానికి ఓ నిమిషం పడుతుంది. ఆర్డర్‌ని ఆర్డర్ అనే అందాం.

కొత్తగా_చేరా
నాకూ ఇదే సమస్య అండీ. మా కస్టమర్లకి పండగ గ్రీటింగ్ రాయాలి, పాత బాకీలు కూడా అందులోనే మర్యాదగా గుర్తుచేయాలి. 'శుభాకాంక్షలతో పాటు మీ బకాయి కూడా' అని రాయొచ్చా?

లెక్కల_బల్ల
కొత్తగా చేరా గారూ, ఇక్కడి సంగతి వేరు. ఈవిడ కొనేవైపు నుంచి అమ్మేవాళ్ళకి రాస్తున్నారు. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను, వద్దు. బాకీ ఉత్తరం వేరు, పండగ ఉత్తరం వేరు. రెండూ ఒకే కాగితం మీద పెడితే అవతలివాళ్ళు చదివేది బాకీ ఒక్కటే.

ఆ మాటకొస్తే సబ్బుల యూనిట్ గారికీ ఒక సంగతి. ఉత్తరం పంపేముందు మీరు ఆయనకి కట్టాల్సిన బిల్లులు ఏవైనా గడువు దాటి ఉన్నాయేమో చూసుకోండి. నేను ఇదివరకు పనిచేసిన చోట ఓ సప్లయర్‌కి మేము రెండు నెలల బిల్లు ఆపి ఉంచాం. మా మేనేజరు గారికి ఆ సంగతి తెలీక 'మీ అమూల్యమైన సహకారానికి' అంటూ అందమైన కార్డు పంపారు. మర్నాడు ఆయన నా సీటు దగ్గరికే వచ్చి ఆ కార్డు బల్ల మీద పెట్టి, 'ఇది బ్యాంకులో వేస్తే తీసుకుంటారా అమ్మా?' అని అడిగాడు. తలెత్తలేకపోయాను.

సబ్బుల_యూనిట్
బిల్లులన్నీ కట్టేశాం, చూసుకున్నాను. కానీ లెక్కల బల్ల గారు అడిగాక గుర్తొచ్చింది, ఇంకోటి ఉంది. ఓసారి 180 పెట్టెలకి పక్క అతుకు విడిపోయి ఉంటే తిప్పి పంపాం. వాటి డబ్బు తగ్గిస్తూ వాళ్ళు ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్ ఇంకా రాలేదు. ఇది అడ్డమా?

పాత పర్చేజ్ గారూ, రోజు గుర్తుంది. వర్షాలు పట్టుకున్న వారం. మర్నాడు పొద్దున్న లోడు రావాలి. ముందురోజు సాయంత్రం ఏడింటికి వాళ్ళ డిస్పాచ్‌లో ఉండే అబ్బాయి ఫోన్ చేశాడు. 'మేడమ్, పెట్టెలు తయారే. కానీ ఎక్కించట్లేదు' అన్నాడు. అదేంటంటే, 'చెమ్మకి గమ్ ఆరలేదండీ, అతుకు మీద వేలు పెట్టి లాగితే వచ్చేస్తోంది. ఈ రాత్రి ఎక్కిస్తే దార్లోనే విడిపోతాయి. రేపు మధ్యాహ్నం దాకా ఆరబెట్టి పంపిస్తాం' అన్నాడు. నాకు ముందు కోపమొచ్చింది. తర్వాత కూర్చుని మర్నాటి ప్లాన్ మార్చాను. వేరే సైజు పెట్టెలు స్టాకులో ఉన్నాయి, పొద్దున్న ఆ సబ్బులు సర్దించాం. లైన్ ఒక్క గంట కూడా ఆగలేదు. వాళ్ళు చెప్పకుండా పంపేసి ఉంటే తడి పెట్టెల్లో సబ్బులు సర్ది, పేర్చాక కింది వరస నలిగిపోయేది.

పాత_పర్చేజ్
అదమ్మా ఉత్తరం. పైన రాసిందంతా కొట్టేయండి, ఇది రాయండి.

'సమయానికి అందించారు' అని ఎవరైనా రాస్తారు. మీ సప్లయర్ గొప్పతనం సమయానికి పంపడంలో లేదు, పంపలేనప్పుడు ముందే చెప్పడంలో ఉంది. లోడు ఆలస్యమవడం కంటే ఆలస్యమని తెలియకపోవడమే మన కొంప ముంచుతుంది. పన్నెండు గంటల ముందు తెలిస్తే ప్లాన్ మారుతుంది. లారీ రాలేదని పొద్దున్న గేటు దగ్గర తెలిస్తే మనుషుల్ని ఖాళీగా కూర్చోబెట్టి కూలి ఇస్తాం.

ఇక 'ఒక్క లోపం కూడా లేకుండా ప్రతిసారీ' అన్న వాక్యం తప్పకుండా తీసేయండి. ఓవైపు 180 పెట్టెల క్రెడిట్ నోట్ అడుగుతున్నారు. ఇంకోవైపు లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి లోపమే లేదంటున్నారు. దీన్నెవరో కోర్టుకి ఈడుస్తారని కాదు. రేపు వాళ్ళ అకౌంటెంటుతో మీరు మాట్లాడేటప్పుడు, 'మేడమే కదండీ అంతా బాగుందని రాశారు' అని ఆయన నవ్వుతూ అంటాడు. ఆ నవ్వుకి మీ దగ్గర జవాబుండదు.

లెక్కల_బల్ల
ఆ క్రెడిట్ నోట్ సంగతి ఈ వారమే విడిగా ఓ ఫోన్‌లో తేల్చేసుకోండి. ఉత్తరంలో ఆ ఊసే వద్దు. పండగ తర్వాత అడిగితే ఉత్తరం దానికోసమే పంపారని అనుకుంటారు.

షార్ట్‌కట్
సరే, బొమ్మ వద్దు. అంకెలు వేయండి మరి. 'ఈ ఏడాది మీ సరఫరా 98 శాతం సకాలంలో' అని రాస్తే ఫ్రేమ్ కట్టించుకుంటాడు.

సబ్బుల_యూనిట్
98 ఎక్కడిది బాబూ! మా రిజిస్టరు చూశాను. ఏడాదిలో 46 లోడ్లు. చెప్పిన రోజున వచ్చినవి 41. ఆలస్యమైన ఐదింటిలో నాలుగింటికి ముందురోజే ఫోన్ వచ్చింది. ఒక్కదానికి రాలేదు.

పెట్టెల_వైపు
నేను అమ్మేవైపు ఉన్నాను, నాదీ ప్యాకింగ్ సరుకే. ఈ 41 అన్న అంకె ఉత్తరంలో పెట్టకండి అమ్మా. మీ రిజిస్టరు మీ గేటు లోపలికి లారీ వచ్చిన రోజు రాసుకుంటుంది. మా రిజిస్టరు మా గేటు దాటిన రోజు రాసుకుంటుంది. మీరు 46కి 41 అంటే, ఆయన పుస్తకంలో అది 44 కావచ్చు, 45 కావచ్చు. పైగా మీరే ఫోన్ చేసి 'ఈ లోడు రెండు రోజులు ఆగి పంపండి' అన్నవి కొన్ని ఉంటాయి. అవి మీ లెక్కలో ఆలస్యం కింద పడ్డాయో లేదో మీకైనా గుర్తుందా? మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం పట్టుకుని ఆయన కూర్చుని, 'తక్కిన అయిదూ ఏవి?' అని లెక్క తీస్తాడు. నేనైతే తీస్తాను.

సబ్బుల_యూనిట్
అబ్బ, నిజమే. ఆ ఐదింటిలో ఒకటి మేమే ఆపమన్నాం. రిజిస్టరులో మాత్రం పాత తేదీయే ఉంది.

పాత_పర్చేజ్
పెట్టెల వైపు గారు బాగా పట్టుకున్నారు. ఇద్దరి పుస్తకాల్లోనూ ఒకేలా ఉండే అంకె ఒక్కటే, 46 లోడ్లు. ఏడాదిలో ఎంత పని కలిసి చేశారో అది చెబుతుంది, అది చాలు. శాతాలు రేట్ల మీటింగుకి దాచుకోండి.

'మరిన్ని ఆర్డర్లతో' కూడా తీసేయండి. వచ్చే ఏడాది ఎన్ని పెట్టెలు కావాలో మీకే తెలీదు. ఆయన ఆ మాట నమ్మి కాగితం రీళ్ళు ఎక్కువ కొనిపెట్టుకుంటే, తర్వాత మీరిద్దరూ ఇబ్బంది పడతారు.

అచ్చతెలుగు
ఒక్క మాట. 'మన బంధం' అని రాశారు, తర్వాత 'ఆకాంక్షిస్తున్నాము' అన్నారు. ఎక్కడ 'మేము', ఎక్కడ 'మనం' అన్నది చూసుకోవాలి. లైన్ ఆగకపోవడం మీ సంగతి, అక్కడ 'మా లైన్' అనాలి. 'మన లైన్' అంటే ఆయనకీ అందులో వాటా ఉన్నట్టు.

పాత_పర్చేజ్
ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళూ సరి. నేను ఇంకాస్త ముందుకి వెళ్తాను, అసలు 'మనం' వాడకుండానే రాయండి. కొనేవాళ్ళు 'మనమంతా ఒకటే' అనడం మొదలెడితే అమ్మేవాళ్ళు రేటు తగ్గించమంటారేమోనని భయపడతారు.

పెట్టెల_వైపు
హహ్హ, నిజం. 'మనం ఒకే కుటుంబం' అన్న మాట వినగానే నా చేయి రేట్ల ఫైలు మీదికి పోతుంది.

కొత్తగా_చేరా
ఆయన మీద మీరెంత ఆధారపడ్డారో కూడా రాయొచ్చుగా? 'మీరు లేకపోతే మేము లేము' లాంటిది. మనసుకి తగులుతుంది.

పాత_పర్చేజ్
తగులుతుంది, తర్వాత రేటు పెంచినప్పుడు మనకి తగులుతుంది. ఒక్కడి దగ్గరే కొంటున్నామని ఆయనకి తెలుసు. అది రాతపూర్వకంగా ఒప్పుకోవడమెందుకు?

సబ్బుల_యూనిట్
నిజానికి ఒకటి రాద్దామనుకున్నాను. ఇంతకుముందు పది రోజులకి సరిపడా పెట్టెలు నిల్వ ఉంచేవాళ్ళం. ఈయన మాట మీద నమ్మకం కుదిరాక నాలుగు రోజులకి తగ్గించాం. సగం గది ఖాళీ అయింది. ఆయనకి ఇంతకంటే గొప్ప మెప్పు ఏముంటుంది?

పాత_పర్చేజ్
మెప్పే. కానీ రాయొద్దు. నాలుగు రోజుల స్టాకుతో ఉన్నారంటే ఐదో రోజు మీరు ఆగిపోతారని ఆయనకి చెప్పినట్టే.

పెట్టెల_వైపు
ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను పెద్దాయనా. నా కస్టమరు స్టాకు నాలుగు రోజులే అని నాకు తెలిస్తే, మెషీన్ ఆగినప్పుడు ముందు వాళ్ళ సరుకే తీస్తాను. ఇరవై రోజుల స్టాకున్నవాళ్ళని ఆపుతాను. తెలీకపోతే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకి ముందు పోతుంది. అది దాచిపెట్టడం వల్ల నష్టపోయేది కొనేవాళ్ళే.

పాత_పర్చేజ్
మీలాంటివాళ్ళయితే సరే. నేను ఇంకో రకం వాళ్ళనీ చూశాను. ఆ ముక్క చెప్పాలంటే ఎదురుగా కూర్చుని చెప్పండి, కాగితం మీద వద్దు. నా మాట ఇంతే.

పెట్టెల_వైపు
సరే, ఇక్కడ కలవం. ఇంకోటి చెప్పి ఊరుకుంటాను. ఓసారి మాకు ఒక కస్టమరు దగ్గర్నుంచి ఇలాంటి ఉత్తరమే వచ్చింది. రాత్రి షిఫ్టులో లోడు ఎక్కించినవాళ్ళని తలుచుకుంటూ రెండు వరసలు ఉన్నాయి అందులో. నేను నా డ్రాయర్లో పెట్టుకున్నాను. వారం తర్వాత చూస్తే దాని జిరాక్సు లోడింగు గది తలుపు మీద, పాత క్యాలెండరు పక్కన అంటించి ఉంది. ఎవరు అంటించారో ఇప్పటికీ తెలీదు. ఓనరుకి ఎంత చెప్పినా, సరుకు సరిగ్గా పంపేది వాళ్ళు.

సబ్బుల_యూనిట్
అయితే ఆ డిస్పాచ్ అబ్బాయి పేరు రాయనా?

లెక్కల_బల్ల
రాయకండి. లోడు ఆపుదామన్నది ఓనరే అయి ఉండొచ్చు, ఆ అబ్బాయి ఫోన్ మాత్రమే చేసి ఉండొచ్చు. లేదా ఓనరుకి చెప్పకుండా అబ్బాయే ఆపి ఉండొచ్చు, అప్పుడు అతనికి చీవాట్లు. 'మీ డిస్పాచ్ నుంచి' అంటే ఎవరికి అందాల్సింది వాళ్ళకి అందుతుంది.

సబ్బుల_యూనిట్
మళ్ళీ రాశాను. చూడండి.

> శ్రీ ________ గారికి నమస్కారం.
>
> పండుగ సందర్భంగా మీకూ, మీ ఇంటిల్లిపాదికీ, మీ యూనిట్‌లో పనిచేసే అందరికీ మా శుభాకాంక్షలు.
>
> ఈ ఏడాది మీ దగ్గర్నుంచి మాకు 46 లోడ్లు వచ్చాయి. వాటిలో మాకు బాగా గుర్తుండిపోయింది, అనుకున్న పూట మీరు పంపకుండా ఆపిన లోడు. వర్షాల వల్ల అతుకులు ఆరలేదని మీ డిస్పాచ్ నుంచి ముందురోజు సాయంత్రమే ఫోన్ చేశారు. అది తెలియడం వల్ల మర్నాటి పని మార్చుకోగలిగాం, మా లైన్ ఆగలేదు. ఇబ్బంది వచ్చినప్పుడు ముందే చెప్పే మీ పద్ధతి మాకెంతో ధైర్యాన్నిచ్చింది. అందుకు మా కృతజ్ఞతలు.
>
> ఈ మాట లోడింగు దగ్గర ఉండే మీవాళ్ళకి కూడా చెప్పమని మనవి.
>
> నమస్కారాలతో,

అచ్చతెలుగు
'అమూల్యమైన' ఎగిరిపోయింది, ఉత్తరం బాగుపడింది. 'తమరు' లేకపోయినా గౌరవం ఉంది, ఒప్పుకుంటున్నాను. 'లోడింగు' ఒక్కటే కాస్త గుచ్చుకుంటోంది.

షార్ట్‌కట్
'పంపకుండా ఆపిన లోడు' అంటే ఎత్తిపొడుపులా లేదూ?

పెట్టెల_వైపు
మొదటి చూపుకి ఉలిక్కిపడతాడు. తర్వాతి వాక్యానికి నవ్వుతాడు. ఉంచండి.

పాత_పర్చేజ్
ఉంచండి. పండగకి మూడు నాలుగు రోజుల ముందే చేరేలా పంపండి. సెలవులు మొదలయ్యాక వెళ్తే లోడింగు దగ్గర చదివేవాళ్ళు ఉండరు. టైపు చేసినా సంతకం మాత్రం పెన్నుతో పెట్టండి. ఖాళీ చోట ఆయన పేరు మీ చేత్తోనే రాయండి.

సబ్బుల_యూనిట్
పంపేశాను. క్రెడిట్ నోట్ గురించి ముందురోజే ఫోన్ చేసి మాట్లాడుకున్నాం, ఇస్తానన్నారు. ఉత్తరాన్ని నిన్న పెట్టెలు తెచ్చిన డ్రైవరు చేతికే ఇచ్చి పంపాను.

లెక్కల_బల్ల
జవాబొచ్చిందా?

సబ్బుల_యూనిట్
ఇప్పుడే, వాట్సాప్‌లో. ఉన్నదున్నట్టు పెడుతున్నాను: 'నమస్తే మేడమ్. ఉత్తరం అందరం చదివాం. మీకూ పండుగ శుభాకాంక్షలు. సోమవారం లోడు మంగళవారం వస్తుంది, ప్లాన్ చూసుకోండి.'